ఫోటోలో పడిన ఓజివ్: నడిమి మార్కు ఎంత?

పదో తరగతి లెక్కల పుస్తకంలో సాంఖ్యకశాస్త్రం పాఠం చివరికొచ్చేసరికి ఒక వంపు గీత కనిపిస్తుంది. ఎడమవైపు నేలబారుగా మొదలై, మధ్యలో నిటారుగా లేచి, కుడివైపు మళ్ళీ చదునైపోతుంది. దాన్నే ఓజివ్ అంటారు. పుస్తకంలో పూర్తి పేరు ఆరోహణ సంచిత పౌనఃపున్య వక్రం. పేరుకు నోరు తిరగదు కానీ విషయం సులువే. గీత మీద ఏ చుక్క దగ్గర ఆగినా అది ఒకే ఒక్క మాట చెబుతుంది: ఈ మార్కు కన్నా తక్కువ వచ్చినవాళ్ళు ఇంతమంది.

గ్రాఫు కాగితం చేతిలో ఉంటే, దాన్నుంచి మధ్యగతం తీయడం ఐదు నిమిషాల పని. కానీ ఇప్పుడు ఆ కాగితం చాలాసార్లు మన చేతికి రాదు, ఫోటో వస్తుంది. పిల్లవాడు నోటు పుస్తకాన్ని మంచం మీద పరిచి తీసినదో, క్లాసులో వెనక బెంచీ నుంచి బోర్డును తీసినదో వాట్సాప్‌లో వచ్చి పడుతుంది. అందులో గీత ఉంటుంది, అంకెలూ ఉంటాయి, చదవొచ్చనే అనిపిస్తుంది. నిజంగానే చదవొచ్చు. కాకపోతే కాగితం మీద చేసినట్టే ఫోటో మీదా చేస్తే జవాబు ఒకటి రెండు మార్కులు పక్కకి పోతుంది, పోయినట్టు తెలియను కూడా తెలియదు.

ఒక లెక్క కల్పించుకుందాం. 80 మంది పిల్లలు నూరు మార్కుల లెక్కల పరీక్ష రాశారు. పదేసి మార్కులకి ఒక తరగతి చొప్పున విడగొడితే 0-10లో ఇద్దరు, 10-20లో ఐదుగురు, 20-30లో 9 మంది, 30-40లో 14, 40-50లో 18, 50-60లో 14, 60-70లో 9, 70-80లో ఐదుగురు, 80-90లో ముగ్గురు, తొంభై దాటినవాడు ఒక్కడు. వీటిని వరసగా కూడుకుంటూ పోతే 2, 7, 16, 30, 48, 62, 71, 76, 79, 80 వస్తాయి. ఇవే సంచిత పౌనఃపున్యాలు. పది మార్కుల గీత మీద 2 దగ్గర ఒక చుక్క, ఇరవై మీద 7 దగ్గర, ముప్ఫై మీద 16 దగ్గర, అలా నూరు మీద 80 దాకా చుక్కలు పెట్టి కలుపుతారు. X-అక్షం మీద 1 సెం.మీ. = 10 మార్కులు, Y-అక్షం మీద 1 సెం.మీ. = 5 మంది అని స్కేలు తీసుకుంటే బొమ్మ పది సెంటీమీటర్ల వెడల్పు, పదహారు సెంటీమీటర్ల ఎత్తుతో మామూలు గ్రాఫు కాగితంలో సరిగ్గా పడుతుంది.

ఇక చదవడం. ముందు మొత్తం ఎంతమందో తెలియాలి. అది గీత ఆగిపోయిన ఎత్తు: ఇక్కడ 80. అందులో సగం 40. Y-అక్షం మీద 40 దగ్గర నుంచి అడ్డంగా నడిచి వక్రాన్ని తాకి, అక్కడి నుంచి నిలువుగా కిందకి దిగితే X-అక్షం మీద 45, 46 మధ్య వాలతాం. అదే మధ్యగతం. పిల్లలందర్నీ మార్కుల వరసలో నిలబెడితే సరిగ్గా నడిమి వాడి మార్కు అన్నమాట. మొత్తంలో పావువంతు, అంటే 20 ఎత్తు దగ్గర ఇలాగే చేస్తే 33కి కాస్త ఇవతల దిగుతాం. అది మొదటి చతుర్థాంశం. ముప్పాతిక, అంటే 60 దగ్గర చేస్తే 58న్నర వస్తుంది. అది మూడో చతుర్థాంశం. క్లాసులో మధ్య సగం మంది, నలభై మంది, 33కీ 58న్నరకీ నడుమ ఉన్నారు.

సగటు కన్నా ఈ మూడు అంకెలు చెప్పేదే నాకు ఎక్కువ అనిపిస్తుంది. పదో తరగతిలో మామూలుగా పాస్ మార్కు 35. మొదటి చతుర్థాంశం 33 దగ్గరే ఉందంటే, క్లాసులో పావువంతు కన్నా ఎక్కువమంది గట్టెక్కలేదని ఇంకేమీ లెక్కపెట్టకుండానే తెలిసిపోయింది. ఎంతమందో కావాలంటే దారి తిరగేస్తే చాలు. X-అక్షం మీద 35 నుంచి నిలువుగా పైకి వెళ్ళి వక్రాన్ని తాకి, ఎడమకి నడిస్తే 23 దగ్గర తేలతాం.

నడిమివాడు నలభయ్యో వాడా, నలభైన్నరో వాడా అని కొందరు అడుగుతారు. విడివిడి మార్కుల జాబితాలో అయితే ఆ పట్టింపు సబబే. వక్రం మీద మాత్రం సగమే తీసుకుంటారు. అర మనిషి తేడా ఇక్కడ తెచ్చేది పావు మార్కు కన్నా కాస్త ఎక్కువ, అంతే. పెన్సిలు గీత మందమే దాన్ని మింగేస్తుంది.

ఫోటోలో అన్నిటికన్నా ముందు జరిగే పొరపాటుకి కెమెరాతో సంబంధం లేదు. Y-అక్షాన్ని గీసినవాళ్ళు అంకెలు 90 దాకానో 100 దాకానో వేసుకుంటారు. వక్రం మాత్రం 80 దగ్గరే ఆగుతుంది. చిన్న తెర మీద చూసేవాడి కన్ను అక్షం కొసకి వెళ్తుంది, 100లో సగం 50 అని పట్టుకుని అక్కడి నుంచి నడుస్తుంది. వచ్చే జవాబు 51 పైచిలుకు. అంటే ఐదారు మార్కులు ఎక్కువ. సగం చేయాల్సింది అక్షాన్ని కాదు, వక్రం చేరిన ఎత్తుని. ఫోటోని కుడి పైమూలకి జరిపి పెద్దది చేసి, చివరి చుక్క ఏ అడ్డగీత మీద కూర్చుందో ముందు చూసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇప్పుడు కెమెరా సంగతి. తిన్నటి రోడ్డు పక్క కరెంటు స్తంభాలన్నీ ఒకే దూరంలో పాతినవే అయినా, దూరం పోయేకొద్దీ దగ్గరదగ్గరగా జరిగినట్టు కనిపిస్తాయి కదా. గ్రాఫు గళ్ళకీ అదే గతి. బల్ల మీద పుస్తకం పెట్టి, కుర్చీలో కూర్చునే ఫోను కాస్త వాల్చి ఫోటో తీస్తే కాగితం పై అంచు కెమెరాకి దూరంగా ఉంటుంది. పైన గళ్ళు చిన్నవవుతాయి, కింద గళ్ళు పెద్దవవుతాయి. బోర్డును బెంచీలో కూర్చుని కింద నుంచి తీసినా ఇదే జరుగుతుంది.

దీని దెబ్బ ఎంతో మన లెక్కలోనే చూద్దాం. ఫోటోని ప్రింటు తీశాం. సున్నా గీత నుంచి 80 గీత దాకా ఎత్తు 160 మిల్లీమీటర్లు వచ్చింది. మార్కులు 0 నుంచి 100 దాకా ఉన్న వెడల్పు అడుగున 116, పైన 100 మిల్లీమీటర్లు వచ్చింది. పైన సన్నబడిందంటే ఫోను వాలిందన్నమాట. తేడా కంటికి పెద్దగా ఆనదు, ఇలాంటి ఫోటోలు రోజూ చూస్తూనే ఉంటాం. ఇక స్కేలు పెట్టి 160లో సగం 80 మిల్లీమీటర్ల దగ్గర గీత గీశామనుకోండి. అది 40 మంది గీత కాదు. కింది గళ్ళు సాగి ఉన్నాయి కాబట్టి అసలు 40 గీత 86 మిల్లీమీటర్ల ఎత్తున ఉంది. మనం గీసింది 37 మంది దగ్గర. అక్కడి నుంచి దిగితే మధ్యగతం 45న్నర బదులు 44 కన్నా తక్కువ వస్తుంది. పావు ఎత్తు, ముప్పావు ఎత్తు కూడా ఇలాగే కొలిస్తే మొదటి చతుర్థాంశం 33 బదులు 31 చిల్లరకీ, మూడోది 58న్నర బదులు 57కీ పడిపోతాయి. 35 దగ్గర పైకి వెళ్ళి చూస్తే ఫెయిలైనవాళ్ళు 23 మంది కాస్తా 25, 26 అవుతారు.

ఇందులో చిక్కు ఏమిటంటే మూడు జవాబులూ ఒకే వైపుకి, ఇంచుమించు ఒకేలా జరిగాయి. రెండు చతుర్థాంశాల నడుమ తేడా తప్పు లెక్కలోనూ పాతిక పైచిలుకే, ఒప్పులోనూ పాతిక పైచిలుకే. కాబట్టి జవాబుల్ని ఒకదానితో ఒకటి పోల్చుకుని తప్పు పట్టుకోవడం కుదరదు. పట్టుకోవాల్సింది ఫోటోలోనే. అడుగున ఒక పెద్ద గడి ఎత్తు, పైన ఒక పెద్ద గడి ఎత్తు కొలిచి చూడండి. రెండూ ఒకటే అయితే భయం లేదు. పైది చిన్నదైతే స్కేలుతో కొలిచిన మార్కులు అసలు కన్నా తగ్గుతాయి, పైది పెద్దదైతే పెరుగుతాయి.

మందు చాలా సులువు, స్కేలు పక్కన పెట్టేయడమే. కెమెరా దూరాల్ని మారుస్తుంది గానీ ఏ గీత ఏ గీతని ఎక్కడ తాకిందో మార్చదు. కాగితం మీద 40 గీత వక్రాన్ని ఎక్కడ కలిసిందో ఫోటోలోనూ అక్కడే కలుస్తుంది. కాబట్టి అచ్చులో ఉన్న 40 గీతనే పట్టుకుని దాని వెంటే నడవాలి. అది ఫోటోలో ఏటవాలుగా ఉంటే మనమూ ఏటవాలుగానే నడవాలి. ఫోనులో వేలితో గీత గీసుకునేవాళ్ళు తెర అంచుకి సమాంతరంగా గీయకుండా, ఆ అడ్డగీత ఎడమ కొసని, కుడి కొసని పట్టుకుని రెంటినీ కలపాలి. దిగేటప్పుడూ అంతే. వక్రం మీది చుక్క ఏ రెండు నిలువుగీతల నడుమ ఉందో చూసుకుని, వాటి మధ్యలోంచే కిందకి రావాలి. 40కి, 50కి మధ్యలో కాస్త అవతల ఉంటే పైన ఎలా ఉందో కింద కూడా అలాగే చదవాలి. ఒక్క చిన్న గడి లోపల కెమెరా చేసే మోసం లెక్కలోకి రానంత తక్కువ.

గళ్ళే లేని బొమ్మ అయితే? తెల్ల కాగితం మీదో, బోర్డు మీదో గీసినదైతే పట్టుకోవడానికి అచ్చుగీత ఉండదు. అప్పుడు కర్ణాలు పనికొస్తాయి. ఫోటోలో నాలుగు మూలలు గుర్తించండి: సున్నా దగ్గర అడుగున ఎడమ మూల, 100 మార్కుల దగ్గర అడుగున కుడి మూల, దాని పైన 80 ఎత్తులో కుడి మూల, ఎడమ పైమూల. ఎదురెదురు మూలల్ని కలపండి. కాగితం మీద దీర్ఘచతురస్రం కర్ణాలు నట్టనడుమ కలుస్తాయి. అంటే 50 మార్కులు, 40 మంది దగ్గర. ఫోటోలో అది దీర్ఘచతురస్రం కాకపోయినా కర్ణాలు కలిసే చోటు ఆ బిందువే. మన ప్రింటులో స్కేలు పెట్టి చూస్తే ఆ కలయిక 80 మిల్లీమీటర్ల దగ్గర కాక, 86 దగ్గర కనిపిస్తుంది. ఫోను ముందుకో వెనక్కో మాత్రమే వాలి, పై అంచూ కింది అంచూ సమాంతరంగానే ఉంటే, ఆ బిందువు గుండా వాటికి సమాంతరంగా గీసిందే 40 మంది గీత. కింది సగంలో మళ్ళీ కర్ణాలు గీస్తే 20 గీత, పై సగంలో గీస్తే 60 గీత దొరుకుతాయి. బొమ్మలు వేసేవాళ్ళకి ఈ కిటుకు పాతదే.

ఫోటో వెడల్పు పెరిగినా, నిలువుగా సాగినా అంత కంగారు పడక్కర్లేదు. తెర మీద పెద్దది చేసినప్పుడు అన్ని గళ్ళూ ఒకే పాళ్ళలో సాగితే సగం సగంగానే ఉంటుంది. స్కానర్ యాప్‌లు నాలుగు మూలలు పట్టి బొమ్మని తిన్నగా చేస్తాయి, అదీ మంచిదే. వాటికి లొంగనిది కాగితం వంపు. లావుపాటి పుస్తకంలో కుట్టు దగ్గర పేజీ లోపలికి వంగుతుంది, అక్కడి గళ్ళు నొక్కుకుపోతాయి. మూలలు సరిచేసినంత మాత్రాన ఆ వంపు పోదు. అచ్చుగీతల వెంట నడిచేవాడికి మాత్రం ఇదీ అడ్డం కాదు, గీత వంగితే తనూ వంగుతాడు.

ఇంతా చేసి జవాబు ఎంత వివరంగా చెప్పాలి? సూత్రంలో వేస్తే మధ్యగతం 45.56 అని రెండు దశాంశాలతో వస్తుంది. ఫోటో చూసి 45.56 అని రాసినవాడిని నేను నమ్మను. వక్రం మీద మన చూపు ఒక మనిషి ఎత్తు అటూ ఇటూ అవుతుందనుకుందాం. మన స్కేలులో అది కాగితం మీద రెండు మిల్లీమీటర్లు. 40-50 మధ్య వక్రం పది మార్కుల్లో 18 మంది ఎక్కుతోంది, కాబట్టి ఒక మనిషి పొరపాటు అర మార్కు పైచిలుకే తెస్తుంది. చతుర్థాంశాల దగ్గర పది మార్కులకి 14 మంది, పొరపాటు ముప్పావు మార్కు దాకా పోతుంది. అదే 80-90 మధ్య చూస్తే పది మార్కులకి ముగ్గురే. అక్కడ ఒక మనిషి తేడా అంటే మూడు మార్కుల పైమాటే. వక్రం నిటారుగా ఉన్నచోట చదివింది నిలకడగా ఉంటుంది, చదునుగా ఉన్నచోట జారిపోతుంది. అందుకే ఇలాంటి ఫోటో నుంచి మధ్యగతం 45 లేదా 46 అని ధైర్యంగా చెప్పొచ్చు గానీ, మొదటి ఐదుగురిలో ఉండాలంటే ఎన్ని మార్కులు రావాలో అని అడిగితే దాన్ని నమ్ముకోవడం మంచిది కాదు.

గీసినవాడి తప్పు కూడా చదివేవాడికి తగులుతుంది. ఆరోహణ వక్రానికి చుక్కల్ని తరగతి ఎగువ హద్దు మీద పెట్టాలి, ఎందుకంటే 40-50 తరగతిలోని వాళ్ళందరూ వచ్చేశారని 50 దగ్గరే అనగలం. పౌనఃపున్య బహుభుజి గీసిన అలవాటులో కొందరు పిల్లలు వాటిని తరగతి మధ్యలో, 5, 15, 25 మీద పెట్టేస్తారు. వక్రం రూపం ఏమీ మారదు, చూడ్డానికి చక్కగానే ఉంటుంది. కాకపోతే మొత్తంగా ఐదు మార్కులు ఎడమకి జరిగి కూర్చుంటుంది. మధ్యగతం 45న్నర బదులు 40న్నర వస్తుంది. ఫోటోని పెద్దది చేసి చుక్కలు నిలువుగీతల మీద ఉన్నాయా, రెండు గీతల నడుమ ఉన్నాయా చూస్తే పట్టుబడుతుంది. చివరి చుక్క 95 దగ్గర 80 ఎత్తుకి చేరిందంటే అనుమానించాల్సిందే. తరగతులు 1-10, 11-20 అని రాసి ఉంటే హద్దులు 10.5, 20.5 అవుతాయి. ఆ అర మార్కుని పట్టించుకోకపోయినా ఇక్కడ పెద్ద నష్టం లేదు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది పైభాగం తెగిపోయిన ఫోటో. వక్రం ఎక్కడ ఆగిందో కనిపించకపోతే మొత్తం ఎంతమందో తెలియదు, సగం ఎంతో తెలియదు. పక్కన పట్టిక కూడా పడకపోతే ఆ ఒక్క వక్రంతో మధ్యగతం చెప్పలేం. పాఠ్యపుస్తకం నేర్పే రెండో వక్రం ఉంటే మాత్రం బయటపడతాం. అవరోహణ వక్రం తలకిందులుగా లెక్కపెడుతుంది: ఈ మార్కు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఎంతమందికి వచ్చింది అని. 40 మార్కుల దగ్గర అది 50, 50 దగ్గర 32, అలా దిగుతూ వస్తుంది. ఎక్కే వక్రం, దిగే వక్రం ఒకచోట కలుస్తాయి. ఆ చోట తక్కువవాళ్ళు ఎందరో ఎక్కువవాళ్ళూ అందరే, అంటే అదే నడుమ. సగం చేసే పనే లేదు. అక్కడి నుంచి నిలువుగీతల వెంట దిగితే మధ్యగతం. ఆ కలయిక ఎత్తు 40 అని చదివితే, దాన్ని రెట్టింపు చేస్తే కనిపించని మొత్తం 80 అని తేలుతుంది. 80 దొరికాక 20 గీత, 60 గీత పట్టుకుని చతుర్థాంశాలు కూడా చదువుకోవచ్చు, 60 గీత ఫోటోలో మిగిలి ఉంటే. ఫోను ఎంత వాలినా రెండు వక్రాలు కలిసే చోటు మారదు కాబట్టి, రెండూ గీసిన బొమ్మ ఉంటే నేను ముందు దాన్నే చూస్తాను.

ఫోటో ఎంత చక్కగా ఉన్నా, గీత ఎంత నున్నగా ఉన్నా వక్రానికే తెలియని సంగతి ఒకటుంది. చుక్కలు మాత్రమే నిజంగా లెక్కపెట్టినవి. చుక్కకీ చుక్కకీ నడుమ గీత మన ఊహ. సరళరేఖతో కలిపితే తరగతి లోపల పిల్లలు సమంగా పరుచుకున్నారని ఒప్పుకున్నట్టు. చేత్తో నున్నగా వంచితే ఆ ఊహ కాస్త మారుతుంది, జవాబూ కొద్దిగా మారుతుంది. 40-50 తరగతిలో అది పెద్ద సమస్య కాదు. 30-40లో మాత్రం పాస్ మార్కు ఉంది. 32, 33, 34 దగ్గర ఆగిన పేపరుని ఇంకోసారి తిరగేసి చూసి 35 చేయడం పేపర్లు దిద్దేచోట కొత్త విషయం కాదు. 30 కన్నా తక్కువ వచ్చినవాళ్ళు 16 మంది. వరసలో ఇరవయ్యో వాడు ఆ తరగతిలోని పద్నాలుగు మందిలో నాలుగోవాడు. మార్కులు సమంగా పరుచుకుంటే వాడిది 33 లోపు. కానీ ఆ పద్నాలుగు మందిలో ఇద్దరికి 30, 31 వచ్చి, తొమ్మిది మంది సరిగ్గా 35 మీద పోగుపడి, మిగతా ముగ్గురు దాన్ని దాటి ఉంటే, నాలుగోవాడి మార్కు 35. అప్పుడు ఫెయిలైనవాళ్ళు 23 కాదు, 18 మందే. రెండు సందర్భాల్లోనూ గ్రాఫు మీద చుక్కలు ఉన్నచోటే ఉంటాయి, వక్రమూ అదే. మొదటి చతుర్థాంశం 30కీ 40కీ మధ్య ఉందన్నది మాత్రమే ఆ బొమ్మ చెప్పగలిగిన గట్టి మాట. అంతకన్నా దగ్గరగా కావాలంటే ఆ పద్నాలుగు మంది మార్కులు రిజిస్టరులోంచి అడిగి తెప్పించుకోవాలి.